టాలరెన్స్ 50 పెడితే 50 మిల్లీమీటర్ల గ్యాప్ ఉన్నట్టేనా? ఎంఈపీ మోడల్ అపోహలు - వాస్తవాలు

అపోహ: "క్లాష్ టెస్ట్‌లో టాలరెన్స్ 50 పెట్టాం, జీరో వచ్చింది, ఇంక సర్వీసుల మధ్య 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నట్టే."

లేదండీ. ఎంఈపీ అంటే బిల్డింగ్‌లో ఏసీ, కరెంటు, ప్లంబింగ్ సర్వీసులు, వాటి పైపులు, డక్ట్‌లు, ట్రేలు 3డీ మోడల్‌లో ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో వెతికేదే క్లాష్ టెస్ట్. వైజాగ్‌లో ఏ కోఆర్డినేషన్ మీటింగ్‌కి వెళ్లినా ఇదే మాట, ఎక్కువ డబ్బు తినేసేదీ ఇదే. ఆ టెస్ట్ చేసే నేవిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్ టెస్ట్ పెడితే టాలరెన్స్ అంటే అంత లోపలికి దూరినా వదిలెయ్యమని చెప్పడం. అదే 50 క్లియరెన్స్ టెస్ట్‌లో పెడితేనే 50 కంటే దగ్గరగా ఉన్నవి పట్టుకుంటుంది. గడి ఒకటే, అర్థం తిరగబడుతుంది.

మధురవాడ వైపు ఒక ఆసుపత్రి కారిడార్‌లో చూశాను. 100 ఎన్‌బీ చిల్డ్ వాటర్ పైపు, బయటి వ్యాసం 114 మిల్లీమీటర్లు, చుట్టూ 50 ఇన్సులేషన్ వేస్తే 214 అవుతుంది. ఉత్త పైపుకీ పక్కన కేబుల్ ట్రేకీ మధ్య ఖాళీ 30, అంటే ఇన్సులేషన్ ట్రేలోకి 20 దూరింది. మోడల్‌లో ఇన్సులేషన్ కూడా గీశారు పాపం, కానీ హార్డ్ టెస్ట్ టాలరెన్స్ 50, ఇరవయ్యేగా, రిపోర్ట్‌లో రాలేదు. సైట్‌లో ఫిట్టర్ ఏం చేస్తాడు, ట్రే పడదు కాబట్టి ఇన్సులేషన్ చెక్కేశాడు. లోపల 7 డిగ్రీల నీళ్లు, బయట మన సముద్రపు తేమ గాలి, పల్చబడిన చోట చెమట పట్టి ఫాల్స్ సీలింగ్ మీద మరకలు.

అందుకే రిక్వైర్‌మెంట్స్‌లో ఉత్తినే "టాలరెన్స్ 50" అని రాయకండి, టెస్ట్ రకం, ఏ సర్వీస్‌కి ఏది, ఎంత అని రాయండి. నేనైతే హార్డ్‌కి 5, ఇన్సులేటెడ్ పైపుకీ ట్రేకీ విడిగా క్లియరెన్స్ 50 రాయిస్తాను, వాల్వ్ తిప్పడానికి, ఫిల్టర్ తియ్యడానికి కావాల్సిన జాగా కూడా బాక్స్‌లా మోడల్ చేయిస్తాను. ఎవరైనా జీరో రిపోర్ట్ తెస్తే ముందు టెస్ట్ సెట్టింగ్స్ తెరిపించండి, హార్డ్ టెస్ట్ 1 మిల్లీమీటర్‌తో మళ్లీ రన్ చేయించండి, దాక్కున్నవన్నీ బయటికొస్తాయి.

అపోహ: "మోడల్ మొత్తం ఎల్‌ఓడీ 400 ఉండాలి." అక్కర్లేదు, ఎల్‌ఓడీ అంటే ఎంత వివరంగా మోడల్ చేశారో చెప్పే స్థాయి, అది ఎలిమెంట్‌కి ఇచ్చేది, మోడల్‌కి కాదు. 400 ఫ్యాబ్రికేషన్ కోసం. కారిడార్ కోఆర్డినేషన్‌కి 350 చాలు, కానీ అందులో హ్యాంగర్లు, సపోర్టులు ఉండాలి, డక్ట్ కింద యాంగిల్ కూడా ఎత్తు తింటుంది కదా.

అపోహ: "క్లాషులు వేలల్లో వస్తే మోడలర్‌కి పని రాదు." కొత్త పిల్లలు దీనికి ఎంత భయపడతారో చూశాను, ఆ భయంతోనే టాలరెన్స్ పెంచేస్తారు. ఒక్క డక్ట్ తప్పు ఎత్తులో ఉంటే దారిలోని ప్రతి బీమ్ దగ్గరా ఒక్కో క్లాష్ పడుతుంది, గ్రూప్ చేస్తే మిగిలేది ఒకే సమస్య. లీడ్‌లు దయచేసి అంకె చూసి తిట్టకండి.

అపోహ: "ఫెడరేటెడ్ మోడల్ అంటే అందరివీ కలిపేసిన ఫైల్, బీమ్‌కి తగిలితే మనమే జరిపెయ్యొచ్చు." ఎవరి మోడల్ వాళ్లదే, రివ్యూలో పేరూ గడువూ రాస్తాం, మార్పు మాత్రం వాళ్ల ఫైల్‌లోనే జరగాలి. రివ్యూకి కూర్చోగానే ఒక్కో ఫైల్ రివిజన్ తేదీ, కోఆర్డినేట్స్ చూడండి, స్ట్రక్చర్ వాళ్లది పాత ఫైల్ అయితే టెస్ట్ రన్ చెయ్యకుండా ముందు కొత్తది తెప్పించండి.