తాగే తండ్రి, చక్కగా చదివే కూతురు: కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకు కౌన్సెలింగ్ చేసే నా దగ్గరకు, ఇంట్లో తాగుడు సమస్య ఉన్న పిల్లలు ఆ కారణం చెప్పుకుని రావడం అరుదు. కడుపునొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో, బడికి వెళ్ళనంటున్నారనో తీసుకొస్తారు. వారిని తీసుకొచ్చే పెద్దల మాటల్లో తరచుగా వినిపించే కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మార్కులు బాగా వస్తున్నాయి, ఇంటిపని చక్కబెడుతోంది కాబట్టి ఆ పిల్లకు ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: చిత్తూరు వైపు నుంచి 13 ఏళ్ళ అమ్మాయిని కడుపునొప్పితో తీసుకొచ్చారు, ఆమె ఎవరో తెలియకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. స్కానింగులో ఏమీ తేలలేదు. నొప్పి ఏయే రోజుల్లో వస్తోందో నోటుబుక్కులో రాయమంటే, దాదాపు ప్రతిసారీ శనివారం సాయంత్రమే వస్తున్నట్టు కనిపించింది. అది తండ్రికి వారం కూలి చేతికొచ్చే రోజు. సందు మలుపులో బండి చప్పుడును బట్టి ఆయన ఎంత తాగాడో ఆ అమ్మాయి అంచనా వేయగలదు. చప్పుడు తేడాగా ఉంటే తమ్ముడిని వెనక గదిలో పడుకోబెట్టి, కత్తిపీట దాచి, మాట్లాడవద్దని తల్లికి సైగ చేస్తుంది. బంధువులు మెచ్చుకునే ఆ 'బుద్ధిమంతురాలితనం' నిజానికి ఇంటికి కాపలా కాయడమే. ఈ రోజు తండ్రి ఎలా వస్తాడో తెలియని అనిశ్చితిలో శరీరం ఎప్పుడూ అప్రమత్తంగానే ఉంటుంది. నొప్పి నటన కాదు. అల్లరి చేసే పిల్లవాడిని ఎవరైనా గమనిస్తారు, ఇలాంటి పిల్లను ఎవరూ గమనించరు.

అపోహ: పిల్ల తలమీద ఒట్టు వేయిస్తే తండ్రి మానేస్తాడు.

వాస్తవం: నా అనుభవంలో పిల్లలను బాగా గాయపరిచే పద్ధతి ఇదే, పైగా దీన్ని ప్రేమతోనే చేస్తారు. ఈ అమ్మాయి తలమీద చేయి పెట్టి తండ్రి ఒట్టేశాడు, కుటుంబమంతా కొండకు వెళ్ళి మొక్కుకుంది, వారం తిరగకుండానే ఆయన మళ్ళీ తాగాడు. ఒట్టు తప్పితే తనకేదో కీడు జరుగుతుందన్న భయం, 'నేనంటే నాన్నకు అంతే' అన్న అవమానం, రెండూ ఆమెకే మిగిలాయి. తాగుడుకు బానిస కావడం ఒక వ్యాధి. కూతురి మీద ప్రేమ ఎంత ఉన్నా ఒట్టుతో అది తగ్గదు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్లు, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ కూడా రావచ్చు, ప్రాణాపాయం కలగవచ్చు. కనుక మాన్పించే పని డాక్టరు పర్యవేక్షణలో పెద్దలు చేయవలసినది. సీసాలు పారబోయడం, దుకాణం నుంచి తండ్రిని పిలుచుకురావడం పిల్లలకు అప్పగించకూడదు.

అపోహ: పసిపిల్లలకు ఇవన్నీ చెప్పకూడదు.

వాస్తవం: చెప్పకపోతే పిల్లలు కారణాన్ని తమలోనే వెతుక్కుంటారు. తన స్కూలు ఫీజు కట్టవలసి రావడం వల్లనే నాన్న తాగుతున్నాడని ఈ అమ్మాయి నమ్మింది. తండ్రి మత్తులో లేని సమయంలో, ఆయనను తిట్టకుండా, తల్లి ఆమెకు చెప్పిన మాటలు ఇవి: "ఇది నీవల్ల వచ్చింది కాదమ్మా. నువ్వు ఆపలేవు, నువ్వు నయం చేయలేవు. భయమేస్తే ఎక్కడికి వెళ్ళాలో మనిద్దరం ఇప్పుడే అనుకుందాం." ఆ చివరి వాక్యం మాటగానే మిగిలిపోకుండా చూశాం. గొడవ మొదలైతే మధ్యలోకి వెళ్ళకుండా, తమ్ముడితో రెండిళ్ళ అవతల ఉన్న పెద్దమ్మ దగ్గరకు వెళ్ళాలి; తాగిన తండ్రి బండి ఎక్కకూడదు; కొట్టడం జరిగితే అత్యవసర నంబరు 112కు గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ ఫోన్ చేయాలి. ముందుగా పెద్దమ్మతో కూడా మాట్లాడి, అర్ధరాత్రి తలుపు తట్టినా తీస్తానన్న మాట తీసుకున్నాం. నమ్మకంగా అండగా నిలిచే పెద్ద మనిషి ఒక్కరున్నా పిల్లలు తట్టుకోగలరన్నది ఈ రంగంలో బాగా స్థిరపడిన విషయం.

అపోహ: తండ్రి తాగితే కొడుకూ తాగుబోతే అవుతాడు.

వాస్తవం: వంశపారంపర్యంగా వచ్చే ముప్పు నిజమే, కానీ అది తలరాత కాదు. అమెరికాలో స్టీవెన్ వోలిన్, లిండా బెనెట్ చేసిన అధ్యయనాల్లో, తాగుడు మధ్యనే రాత్రి భోజనం, పండుగల వంటి అలవాట్లను చెదరనీయని కుటుంబాల్లో పిల్లలకు ఆ వ్యసనం సోకడం తక్కువగా కనిపించింది. ఈ అమ్మాయి ఇంట్లో భోజనం తండ్రి వచ్చేదాకా ఆగేది. అందుకే తల్లి ఎనిమిదింటికల్లా పిల్లలకు వడ్డించి, తానూ కూర్చుని తినడం మొదలుపెట్టింది. తండ్రి అన్నం విడిగా మూతపెట్టి ఉంచేది. ఆయన ఇంకా తాగుతూనే ఉన్నాడు, అయినా కొన్ని నెలల్లో ఆ నోటుబుక్కులో నొప్పి లేని శనివారాలు కనిపించసాగాయి. అయితే బండి చప్పుడుకు ఉలిక్కిపడటం మాత్రం ఆ అమ్మాయికి ఇంకా పోలేదు.