ఒకే మదర్‌బోర్డు మీద 12 వోల్టులు, 5 వోల్టులు: లైట్ల హెడర్ల వెనక కథ

మదర్‌బోర్డుల్లో లైట్ల వైర్లు గుచ్చుకునే పిన్నుల వరుసలు, అంటే హెడర్లు, రాకముందే కంప్యూటర్ కేసుల్లో లైట్లు ఉండేవి. ఇంటి సీలింగుకు అంటించే ఎల్‌ఈడీ స్ట్రిప్పులనే తెచ్చి అతికించేవాళ్లు. వాటికి 12 వోల్టులు కావాలి, ఎందుకంటే వాటిలో మూడేసి ఎల్‌ఈడీలు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. నీలం ఎల్‌ఈడీకి ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు పోగా, మిగిలింది రెసిస్టర్ తీసుకుంటుంది. ఆ స్ట్రిప్పును మూడేసి ఎల్‌ఈడీల దగ్గరే కత్తిరించాల్సి రావడానికి కారణం ఇదే. పవర్ సప్లైలో 12 వోల్టులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, 2016 ప్రాంతంలో బోర్డుల మీద విరివిగా కనబడిన నాలుగు పిన్నుల ఆర్‌జీబీ హెడర్ కూడా అదే వోల్టేజీతో వచ్చింది. మొదటి పిన్ను 12 వోల్టులు, మిగతా మూడూ ఆకుపచ్చ, ఎరుపు, నీలం. స్ట్రిప్పు మొత్తానికి ఒకటే రంగు.

ఒక్కో లైటూ వేరే రంగులో వెలగాలంటే ప్రతి ఎల్‌ఈడీలోనూ ఒక చిప్ ఉండాలి. డబ్ల్యూఎస్2812బీ లాంటి ఆ చిప్‌లు 5 వోల్టులకు చేసినవి. 2017 చివర్లో వచ్చిన జెడ్370 బోర్డుల కాలం నుంచి వీటికి ఏఆర్‌జీబీ అనే వేరే హెడర్ మామూలైంది. ఇందులో 5 వోల్టులు, డేటా, ఒక ఖాళీ చోటు, గ్రౌండ్ ఉంటాయి. పాత హెడర్ సైజులోనే కొత్తదీ పెట్టడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. తేడా ఆ ఒక్క ఖాళీ పిన్నే. పేర్లు చూస్తే ఇంకా గందరగోళం. ఎంఎస్‌ఐ బోర్డు మీద JRGB అంటే 12 వోల్టులు, JRAINBOW అంటే 5. గిగాబైట్‌లో LED_C, D_LED. కొన్ని తొలినాటి గిగాబైట్ బోర్డుల్లో D_LED వోల్టేజీని జంపర్‌తో 5కో 12కో మార్చుకునే ఏర్పాటు కూడా ఉండేది.

12 వోల్టుల స్ట్రిప్పును 5 వోల్టుల హెడర్‌కు పెడితే సాధారణంగా అది వెలగదు, అంతే. ప్రమాదమంతా 5 వోల్టుల లైట్లను 12 వోల్టుల హెడర్‌కు పెట్టినప్పుడే. ఏఆర్‌జీబీ ఫ్యాను ప్లగ్గులో మూడో రంధ్రం మూసి ఉంటుంది కాబట్టి 12 వోల్టుల హెడర్‌లోకి దిగదు. కానీ కొన్ని చవక స్ప్లిట్టర్లలో ఆ రంధ్రం తెరిచే ఉంటుంది. అప్పుడు ఫ్యాను 5 వోల్టుల వైరు 12 వోల్టుల పిన్ను మీద, గ్రౌండ్ వైరు నీలం పిన్ను మీద కూర్చుంటాయి. బోర్డు నీలం రంగు వెలిగించబోయిన క్షణంలో ఆ పిన్ను గ్రౌండ్‌కు కలుస్తుంది, చిప్‌ల మీద 12 వోల్టులు పడతాయి. ఎల్‌ఈడీలన్నింటికీ ఒకే పవర్ లైను కాబట్టి ఒకటి కాదు, అన్నీ పోవచ్చు. ఫ్యాను మోటారు వైరు వేరు కనుక రెక్కలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. తిరుగుతున్న ఫ్యానులో లైట్లు చచ్చిపోయి ఉంటే, ముందు ఆ వైరు ఎక్కడ పెట్టారో చూడండి.

ప్లగ్గు నొక్కితే దిగకపోతే బలం పెట్టొద్దు. పిన్నుల పక్కన బోర్డు మీద ముద్రించిన అక్షరాలు టార్చి వేసి చదవండి. 12V G R B అని ఉంటే పాతది, 5V D G అని ఉంటే కొత్తది. ప్లగ్గు మీది బాణం గుర్తు 12V లేదా 5V అని రాసిన పిన్ను వైపు రావాలి.