ఒకే మాటకి ఐదు పోస్టులు: గొడవ మొదలైంది 2013లోనే

మళ్ళీ అదే గొడవ లేచింది, ఒకే సైట్లో ఒకే సెర్చ్ మాట మీద నాలుగైదు పోస్టులుంటే పాతవన్నీ తీసెయ్యాలా ఉంచాలా అని. ఇలా ఒకే సైట్ పేజీలు ఒకే మాట కోసం ఒకదానితో ఒకటి పోటీ పడడాన్నే కీవర్డ్ కానిబలైజేషన్ అంటారు. నేరుగా అసలు మలుపు దగ్గరికి వెళ్దాం.

2013 సెప్టెంబర్లో గూగుల్ హమ్మింగ్‌బర్డ్ అనే మార్పుని ప్రకటించింది. అంతకుముందు సెర్చ్ ఎక్కువగా మాటకి మాట పోల్చేది, అందుకే "ఉగాది పచ్చడి తయారీ"కి ఒక పోస్టు, "ఉగాది పచ్చడి ఎలా చేయాలి"కి ఇంకోటి రాయడం అప్పట్లో పనికొచ్చేది, రాసినవాళ్ళ తప్పేం లేదు. తర్వాత గూగుల్ మాటల వెనకున్న అవసరాన్ని చూడ్డం పెంచుకుంటూ వచ్చింది, దాంతో ఆ రెండూ ఒకే ప్రశ్నకి జవాబులైపోయాయి. 2019 జూన్‌లో అయితే పై ఫలితాల్లో ఒకే సైట్‌వి మామూలుగా రెండుకి మించి రావని కూడా చెప్పింది.

దీన్ని పట్టుకునే ఒక వర్గం పాతవన్నీ తీసెయ్యమంటోంది. కానీ రెండు పేజీలు ఒకే మాటకి కనిపించడమే తప్పేం కాదని గూగుల్ తరఫున జాన్ ముల్లర్ ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నాడు, నాకు అదే సబబనిపిస్తుంది. ముందు చూడాల్సింది సైట్ ఉన్నవాళ్ళకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో. ఆ మాటని ఫిల్టర్‌లో పెట్టి పేజెస్ ట్యాబ్ తెరిచి, ఒక్కో పేజీ గ్రాఫ్ విడిగా చూడండి. ఒకటి పడినప్పుడల్లా ఇంకోటి లేస్తూ, ఏదీ పైన నిలబడకపోతే అది నిజంగా పోటీ. రెండూ పైనే నిలకడగా ఉంటే వదిలెయ్యండి.

ఉదాహరణకి ఒక వంటల సైట్ ఏటా ఉగాది పచ్చడి మీద కొత్త పోస్టు వేస్తోందనుకోండి, చింతపండు, బెల్లం, వేపపువ్వు కొలతలు అన్నిట్లో అవే. బయటి లింకులు, క్లిక్కులు ఎక్కువున్నదాన్ని ఉంచి, దాని అడ్రస్‌లో సంవత్సరం లేకుండా చూసుకుని (ఉంటే దాన్ని కూడా కొత్త అడ్రస్‌కే మళ్ళించి), మిగతావాటిలో పనికొచ్చే పేరాలు అందులోకి తెచ్చి, పాత అడ్రస్‌ల్ని అపాచీ సర్వర్ అయితే .htaccess ఫైల్‌లో ఇలా రాసి కొత్తదానికి పంపాలి:

```
Redirect 301 /ugadi-pachadi-2022/ /ugadi-pachadi/
```

సైట్ లోపల పాతవాటికున్న లింకులు కూడా మార్చాలి. ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పే కానానికల్ ట్యాగ్ పెడితే చాలదా అంటారు, అది గూగుల్‌కి సూచన మాత్రమే, పేజీలు బాగా వేరుగా ఉంటే పట్టించుకోకపోవచ్చు. ఆరు రుచుల అర్థం మీద రాసిన పోస్టు జోలికి మాత్రం పోవద్దు, అది చదవడానికొచ్చేవాళ్ళు వేరు.

రీడైరెక్ట్‌ని కనీసం ఏడాదైనా ఉంచండి. సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటానే దాచుతుంది కాబట్టి పోయిన ఉగాది లెక్కలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఈ కలపడం కూడా పండగకి నెలల ముందే చెయ్యండి, కొన్ని వారాలు ర్యాంకులు అటూ ఇటూ ఊగుతాయి.