డాలర్లు అమ్మితే వచ్చిన డబ్బు ఏమవుతుంది?

అపోహ: మారకం రేటు పడిపోకుండా కేంద్ర బ్యాంకు డాలర్లు అమ్మితే, బదులుగా స్థానిక కరెన్సీ దాని చేతికొస్తుంది. దాన్ని ప్రభుత్వం ఖర్చుపెట్టుకోవచ్చు.

బ్యాంకు ట్రెజరీలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. కానీ కరెన్సీ అంటే కేంద్ర బ్యాంకు రాసిచ్చిన ప్రోనోటు లాంటిది. మీరు రాసిన ప్రోనోటు మీ దగ్గరికే తిరిగొస్తే అది మీ ఆస్తి కాదు, తీరిపోయిన అప్పు. చింపేయడమే.

హాంకాంగ్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ అమెరికా డాలరు 7.75 నుంచి 7.85 హాంకాంగ్ డాలర్ల మధ్యే ఉండాలి. 7.85 తాకగానే కేంద్ర బ్యాంకు పని చూసే హెచ్‌కేఎంఏ, బ్యాంకులు అడిగినన్ని అమెరికా డాలర్లు అమ్ముతుంది. ఒక బ్యాంకు 10 కోట్ల డాలర్లు కొందనుకోండి. హెచ్‌కేఎంఏలో ఉన్న దాని ఖాతాలోంచి 78.5 కోట్ల హాంకాంగ్ డాలర్లు తగ్గుతాయి, ఇంకెవరి ఖాతాలోనూ జమకావు. ఆ డాలర్లు ఖాతాదారు కోసం కొన్నవైతే అతని డిపాజిట్ కూడా అంతే తగ్గుతుంది. బ్యాంకుల ఈ ఖాతాల మొత్తాన్ని అగ్రిగేట్ బ్యాలెన్స్ అంటారు. 2022 మేలో సుమారు 33,700 కోట్లున్న ఈ బ్యాలెన్స్, ఏడాది తిరిగేసరికి 4,500 కోట్ల దగ్గరికి వచ్చింది.

అపోహ: ఈలోగా వడ్డీ రేట్లు పెరిగాయంటే రక్షణ దెబ్బతిన్నట్టే.

నిజానికి రేటును కాపాడేది ఆ పెరుగుదలే. అమెరికాలో వడ్డీ పెరిగినప్పుడు, హాంకాంగ్ డాలర్లు చవగ్గా అప్పు తెచ్చి అమ్మేసి అమెరికా డాలర్లలో పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. బ్యాంకుల దగ్గర డబ్బు కరిగేకొద్దీ స్థానిక వడ్డీ పైకెక్కి, ఆ బేరంలో లాభం సన్నగిల్లింది. మందు చేదే. 1997 అక్టోబరు 23న అక్కడ ఒక్క రాత్రి అప్పుకు వడ్డీ, ఏడాది లెక్కన, 280 శాతం దాకా పోయింది. రేటు మాత్రం నిలబడింది.

అపోహ: డబ్బు తగ్గకుండానే డాలర్లు అమ్ముకుంటూ పోవచ్చు.

కొన్నాళ్లు వీలవుతుంది. అమ్మకంతో తగ్గిన డబ్బును, దేశీయ బాండ్లు కొనో బ్యాంకులకు అప్పిచ్చో మళ్లీ వ్యవస్థలోకి పంపుతారు. దీన్ని స్టెరిలైజేషన్ అంటాం. 1994లో మెక్సికో చేసింది ఇదే. వడ్డీ పెరగాల్సినంత పెరగలేదు, పెసోలు అమ్మి డాలర్లు కొనేవాళ్ల చేతిలో పెసోలకూ కొరత రాలేదు. ఫిబ్రవరిలో దాదాపు 2,900 కోట్ల డాలర్లున్న నిల్వలు డిసెంబరులో 600 కోట్లకు దిగాయి, డిసెంబరు 22న పెసోను మార్కెట్‌కు వదిలేశారు.

అందుకే నేను నిల్వల అంకె ఒక్కటే చూసి ఊరుకోను. కేంద్ర బ్యాంకు పద్దులో విదేశీ ఆస్తులు తగ్గుతూ, దేశీయ ఆస్తులు అంతే పెరుగుతూ, చలామణిలోని కరెన్సీ, కేంద్ర బ్యాంకులోని బ్యాంకుల ఖాతాలు కలిపిన మూల ద్రవ్యం కదలకుండా ఉంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.