గీజర్ ముల్లు, చెక్క పీట, రెండేళ్ళ మనవడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో చాలా ఏళ్ళుగా ప్లంబింగ్ పని చేస్తున్నాను. చలికాలంలో ఒక ఇంటికి నల్లా వాషర్ మార్చడానికి వెళ్ళాను. రెండేళ్ళ మనవడు సింక్ కింద పీటేసుకుని, ఎక్కి, మిక్సర్ పిడిని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఏం కాదు బిడ్డా, గీజర్ మీడియంలనే ఉంది" అంది వాళ్ళ నానమ్మ. నా దగ్గరున్న థర్మామీటర్‌తో కొలిస్తే నల్లా దగ్గర 66 డిగ్రీలు వచ్చింది.

అపోహ: గీజర్ వేడిని పెంచి తగ్గించే ముల్లు మధ్యలో ఉంటే నీళ్ళు మధ్యస్తంగానే ఉంటాయి.

చాలా గీజర్లలో ముల్లు దగ్గర గీతలే తప్ప డిగ్రీలు ఉండవు. పైగా మన ఉప్పు నీళ్ళకు గీజర్ లోపల తెల్లటి గార కడుతుంది. అది వేడిని తెలుసుకునే భాగం చుట్టూ పేరుకుంటే థర్మోస్టాట్ లెక్క తప్పుతుంది. అందుకే గీజర్ లైటు ఆరిపోయేదాకా ఆగి, నల్లా తిప్పి, నీళ్ళను మగ్గులో పట్టి కొలవాలి. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, 42 దాటితే అది చూపించదు. స్నానపు నీళ్ళకో, వంటకో వాడేది కావాలి.

నల్లా దగ్గర 50 దాటకుండా చూసుకోండి. 60 డిగ్రీల నీళ్ళు పడితే పెద్దవాళ్ళ చర్మమే ఐదారు సెకన్లలో లోతుగా కాలుతుంది. పసివాళ్ళ తోలు పల్చన, వాళ్ళకు అంత సేపు కూడా పట్టదు. అదే 50 దగ్గరైతే నిమిషాలు పడుతుంది, పిల్లవాణ్ణి పక్కకు లాగే వ్యవధి దొరుకుతుంది. కొన్ని గీజర్లకు ముల్లు బయట కనిపించదు, కింది మూత లోపల ఉంటుంది. దాన్ని మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అపోహ: వేడి తగ్గిస్తే చలికాలంలో నీళ్ళు చాలవు.

ఆ నానమ్మ మొదట అడిగింది ఇదే. పిల్లవాడికి పది లీటర్ల చిన్న బకెట్, 38 డిగ్రీల నీళ్ళు కావాలనుకుందాం. పొద్దున ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీలు ఉన్నాయి. గీజర్ 66లో ఉంటే వేడివి మూడున్నర లీటర్ల పైచిలుకు పడతాయి. 50లో ఉంటే ఆరు లీటర్లకు కొంచెం తక్కువ. పదిహేను లీటర్ల గీజర్‌లో పిల్లల స్నానాలు రెండు దర్జాగా అవుతాయి. పెద్దవాళ్ళు ఇంకో పది నిమిషాలు ఆగాలేమో, అంతే.

కలిపేటప్పుడు ముందు చల్లవి పోయాలి, ఆ తర్వాతే వేడివి. చాలా ఇళ్ళలో దీన్ని తిరగేసి చేస్తారు. వేడినీళ్ళ బకెట్ కింద పెట్టి చల్లవాటి కోసం అటు తిరిగేసరికి పిల్లవాడు చెయ్యి పెట్టేస్తాడు.

మేడ మీద సోలార్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. దానికి తిప్పే ముల్లే ఉండదు. ఎండాకాలంలో మన దగ్గర అందులో నీళ్ళు 70 దాటడం వింతేం కాదు. ఆ లైన్‌కు వేడినీ చల్లనీ తానే కలిపే థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించాలి, దాని ముందు జాలీ కూడా ఉండాలి, లేకపోతే గారకు వాల్వ్ బిగుసుకుపోతుంది.

అపోహ: నల్లాకు రబ్బరు తొడుగు వేశాం, ఇక భయం లేదు.

తొడుగు తల తగలకుండా కాపాడుతుంది, వేడెక్కిన లోహం చేతికి తగలనివ్వదు. పిడి తిప్పితే వచ్చే నీళ్ళను ఆపదు. సింక్ కింద వేడినీళ్ళ పైపుకు యాంగిల్ కాక్ ఉంటుంది, దాన్ని మూసేయండి. పిల్లవాడు చేతులు కడుక్కోవడానికి చల్లనీళ్ళు చాలు. పైసా ఖర్చు లేదు.

అపోహ: నేలను పీల్చి పట్టుకునే రబ్బరు గిన్నెలు అడుగున ఉన్న మ్యాట్ జారదు.

అవి నున్నటి టబ్బులకు చేసినవి. మన బాత్రూముల్లో గరుకు టైల్స్, మధ్యలో సందులు. గాలి లోపలికి దూరి పట్టు వదిలేస్తుంది. కొన్నాక సబ్బు నీళ్ళు పోసి, గోడ పట్టుకుని, దాని మీద మీ పాదాన్ని గట్టిగా మెలితిప్పి చూడండి. మ్యాట్ కదిలితే వాపసు ఇచ్చేయండి. బరువుగా ఉండి, నీళ్ళు దిగిపోయే రంధ్రాలున్న రబ్బరు మ్యాట్ నయం. రోజూ ఎత్తి ఆరబెట్టాలి, లేకపోతే అడుగున పాకుడు పట్టి మ్యాటే జారుడుబల్ల అవుతుంది.

ఇక పీట. ఆ ఇంట్లోది చెక్క పీట, తడిస్తే నున్నగా జారేది. అరచేత్తో ఒక అంచు మీద బలంగా నొక్కితే అవతలి కాళ్ళు లేచాయి. అలా లేస్తే అది పిల్లలకు పనికిరాదు. పైభాగం కంటే అడుగు వెడల్పుగా, కాళ్ళకు రబ్బరు బుడిపెలు, ఎక్కేచోట గరుకు, ఎత్తు జానెడు ఉన్నది తెచ్చుకోమన్నాను.

అయితే గట్టి పీటతో ఇంకో చిక్కు ఉంది. దాన్ని ఎక్కడికైనా ఈడ్చుకుపోయి షవర్ మిక్సర్‌ను కూడా అందుకుంటాడు. అక్కడ వాడికి అందని ఎత్తులో గోడకు ఒక కొక్కెం కొట్టి వచ్చాను. పని అయ్యాక పీట దానికే తగిలిస్తున్నారు. కింద బకెట్ ఖాళీ చేసి బోర్లించి ఉంటోంది. అడుగున బెత్తెడు నీళ్ళున్నా, తల బరువుకు లోపలికి ఒరిగితే ఆ వయసు పిల్లలు తమంతట తాము లేవలేరు.