అల వేగం ఒకటి, అలల గుంపు వేగం మరొకటి: లోతు నీటి లెక్క వెనుక కథ

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఉదయసముద్రంలో, గాలి పడిపోయిన పూట, కట్ట మీది నుంచి తలకాయంత రాయి వేసి, లేచిన వలయాల్లో ఒకే ఒక్క అల మీద చూపు నిలిపితే అది వలయాల పట్టీ లోపలి అంచున పుట్టి, పట్టీ గుండా ముందుకు సాగి, బయటి అంచుకు చేరేసరికి సన్నబడి మాయమవుతుంది. వలయాల పట్టీ మొత్తం మాత్రం ఆ అలకన్నా నెమ్మదిగా విస్తరిస్తుంది. అలకు ఉన్న వేగాన్ని దశావేగం అనీ, పట్టీకి ఉన్న వేగాన్ని సమూహవేగం అనీ అంటారు. లోతైన నీటిలో రెండోది మొదటిదానిలో సరిగ్గా సగం. ఈ సగం ఎక్కడి నుంచి వచ్చిందో తేలడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

మొదటి మెట్టు న్యూటన్‌ది. 1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో ఆయన, అల వేగం దాని పొడవు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుందని చెప్పాడు. నీటి కణాలు నిట్టనిలువుగా లేచి పడతాయని అనుకుని ఆ లెక్క వేశాననీ, నిజానికి అవి వలయంగా తిరుగుతాయనీ ఆయనే ఒప్పుకున్నాడు. అందుకే అనుపాతం నిలిచింది గానీ విలువ నిలవలేదు. సరైన సంబంధం లాప్లాస్, కోషీ, పాయిసన్, ఎయిరీల చేతుల్లో రూపు దిద్దుకుంది. లోతైన నీటికి అది ω² = gk అనే చిన్న సమీకరణం. ఇందులో ω కోణీయ పౌనఃపున్యం, g గురుత్వ త్వరణం, k అంటే 2πను తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది. దీన్నే విక్షేపణ సంబంధం అంటారు, ఎందుకంటే పొడవైన అలలు వేగంగా, పొట్టివి నెమ్మదిగా నడిచి, కలిసి బయలుదేరినవి దారిలో విడిపోతాయి.

అరమీటరు పొడవున్న అలకు లెక్క వేస్తే దశావేగం సెకనుకు 0.88 మీటర్లు వస్తుంది. ఇక ఒకదానికొకటి దాదాపు సమానమైన రెండు అలలను కలిపి చూడాలి. ఒకదాని k రెండోదానికన్నా 4 శాతం ఎక్కువైతే, వర్గమూలం వల్ల దాని ω సుమారు 2 శాతమే ఎక్కువవుతుంది. రెండు అలల శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడిన చోట గుంపు ఏర్పడుతుంది, ఆ చోటు కదిలే వేగం ω తేడాను k తేడాతో భాగిస్తే వచ్చేది. 4కు 2 చొప్పున కనుక అది సగమే, సెకనుకు 0.44 మీటర్లు. అంటే రెండు మీటర్ల వెడల్పున్న పట్టీని ఒక అల నాలుగున్నర సెకన్లలో దాటేస్తుంది.

ఇంత తేలికైన లెక్క కూడా పందొమ్మిదో శతాబ్దం చివరికి గానీ అందరి దృష్టికి రాలేదు. గుంపులో ముందున్న అల మాయమవుతుందని స్కాట్ రస్సెల్ 1844 నివేదికలోనే రాశాడు. స్టోక్స్ 1876లో కేంబ్రిడ్జి స్మిత్ బహుమతి పరీక్షలో సమూహవేగం లెక్కను ప్రశ్నగానే ఇచ్చాడు. నా దృష్టిలో అసలు వివరణ మాత్రం మరుసటి ఏడాది ఆస్బర్న్ రేనాల్డ్స్ ఇచ్చినదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని లోలకాలను వరుసగా వేలాడదీసి, ఒకదాని తర్వాత ఒకటిగా ఊపితే అల పరుగెత్తినట్టే కనిపిస్తుంది, కానీ శక్తి రవ్వంత కూడా ముందుకు పోదు. లోతు నీటిలో ఒక్కో ఆవర్తనంలో శక్తి అరపొడవు మేరకే ముందుకు సాగుతుంది, ఆకారం మాత్రం పూర్తి పొడవు జరుగుతుంది. నిశ్చల నీటిలోకి అడుగుపెట్టిన ముందటి అలకు తన రూపానికి తగ్గ శక్తి అందదు, కాబట్టి అది కరిగిపోతుంది.

సముద్రం మీద దీనికి గట్టి పరీక్ష బార్బర్, అర్సెల్ చేశారు. యుద్ధకాలంలో బ్రిటన్ నౌకాదళ పరిశోధనశాలలో పనిచేస్తూ, కార్న్‌వాల్ తీరంలో నమోదైన అలలను ఆవర్తనకాలాల వారీగా విడదీసి, ఫలితాలను 1948లో ప్రచురించారు. లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. 15 సెకన్ల అల సమూహవేగం సెకనుకు 11.7 మీటర్లు, 10 సెకన్లదానిది 7.8 మీటర్లు. తుఫాను 3000 కిలోమీటర్ల దూరంలో ఉంటే మొదటివి 71 గంటలకు, రెండోవి 107 గంటలకు చేరతాయి. ఆ 36 గంటల తేడా నుంచే తుఫాను దూరం తెలుస్తుంది. పొరపాటున దశావేగం వాడితే అదే తేడా 6000 కిలోమీటర్లు చూపిస్తుంది, కాబట్టి వాతావరణ పటంలో ఉన్న తుఫానుతో పోల్చగానే ఏ వేగం సరైనదో తేలిపోతుంది. బార్బర్, అర్సెల్‌లకు సరిపోయింది సమూహవేగమే.

ఈ సగానికి హద్దులూ ఉన్నాయి. అల పొడవులో సగానికన్నా లోతు ఎక్కువ ఉన్నప్పుడే అది నిలుస్తుంది. 15 సెకన్ల అల పొడవు 350 మీటర్లు కనుక, తీరానికి దగ్గరగా లోతు 175 మీటర్లకు తగ్గే చోటు నుంచి సగం లెక్క సడలుతుంది. మరీ లోతు తక్కువైతే రెండు వేగాలూ ఒకటైపోతాయి. రెండో హద్దు చిన్న అలలది. పొడవు 1.7 సెంటీమీటర్లకు తగ్గితే గురుత్వాకర్షణకన్నా తలతన్యతది పైచేయి అవుతుంది, మరీ చిన్నవాటిలో గుంపే అలకన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా నడుస్తుంది. అందువల్ల చెరువులో చిన్న గులకరాయి వేసి, అతి సన్నని అలలను చూస్తే కథ తలకిందులై, అలలు ముందు అంచున పుట్టి వెనకకు జారుతున్నట్టు కనిపిస్తాయి.