అండర్-14 రిజిస్ట్రేషన్: వయసు పత్రాలపై అపోహలు - వాస్తవాలు

మా జిల్లా అండర్-14 ఫుట్‌బాల్ లీగ్‌లో జట్ల రిజిస్ట్రేషన్ పత్రాలు చూసేది నేనే. ఏటా కోచ్‌లు, తల్లిదండ్రుల నోట ఈ మూడు మాటలే వింటుంటాను.

అపోహ: ఆధార్ ఉంటే చాలు.

వాస్తవం: ఆధార్‌తో ఆ పిల్లవాడు ఎవరన్నది తెలుస్తుంది, అంతే. అది పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ 2023లోనే స్పష్టం చేసింది. ఎదురుగా నిలబడ్డ పిల్లవాడి ముఖం, పేరు సరిచూసుకోవడానికే మేం ఆధార్ అడుగుతాం.

అపోహ: ఎక్స్‌రే తీస్తే అసలు వయసు బయటపడుతుంది.

వాస్తవం: ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రేలో కనిపించేది ఎముక ఎంత ముదిరిందన్నదే. ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల్లో అది ఏడాదికి పైగా తేడాగా ఉండొచ్చు. త్వరగా ఎదిగిన పిల్లవాడిని ఒక్క ఎక్స్‌రే చూసి పక్కన పెడితే అన్యాయం చేసినట్టే.

అపోహ: జనన ధ్రువపత్రం అసలుదే అయితే ఇక చూసేదేముంది?

వాస్తవం: అందరూ పుట్టిన తేదీ చూస్తారు. నేను ముందు నమోదు తేదీ చూస్తాను. చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు సమాచారం ఇవ్వాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉంటేనే నమోదు చేస్తారు. అంత ఆలస్యంగా వచ్చిన పత్రం మీద స్టాంపు, సంతకం అసలువే కావచ్చు. కానీ అందులోని తేదీ ఎన్నో ఏళ్ల తర్వాత ఇంట్లోవాళ్లు చెప్పినది.

2025 సీజన్‌లో మా కటాఫ్ 2012 జనవరి 1. ఆ రోజున గానీ, ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. ఒక డిఫెండర్ పత్రంలో పుట్టిన తేదీ 14-03-2013, నమోదైంది మాత్రం 2024 ఆగస్టులో. స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ నకలు తెప్పించాం. ఒకటో తరగతిలో చేరింది 2016 జూన్‌లో. అంటే అప్పటికి మూడేళ్ల మూడు నెలలు! ఆ వయసులో ఒకటో తరగతిలో ఎవరు చేర్చుకుంటారు? చివరికి చెల్లెలి జనన ధ్రువపత్రం అడిగాం. ఆ పాప పుట్టింది 2013 జులైలో, నమోదు కూడా అదే నెలలో. ఒకే తల్లికి నాలుగు నెలల తేడాతో ఇద్దరు పుట్టరు కదా. కోచ్ మాట్లాడకుండా ఆ పేరు వెనక్కి తీసుకున్నాడు. ఆ అబ్బాయి మాత్రం తల దించుకుని నిలబడ్డాడు. తేదీ మార్చాలన్న ఆలోచన వాడిది కాదని నాకు తెలుసు.

అలాగని ఆలస్యంగా నమోదైన ప్రతి పత్రాన్నీ అనుమానించకూడదు. అదే వారం తండా నుంచి ఒక తల్లి వచ్చింది. కాన్పు ఇంట్లోనే అయింది, నమోదు ఆరేళ్ల తర్వాత జరిగింది. ఆమె ప్లాస్టిక్ కవర్లోంచి అంగన్‌వాడీ టీకాల కార్డు తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది గానీ బీసీజీ, పోలియో చుక్కల తేదీలు నీలి సిరాతో చదవగలిగేలా ఉన్నాయి. ఒక్కో టీకాకు ఒక్కో తేదీ, చేతిరాతలు కూడా వేర్వేరు. ఒక్కసారి కూర్చుని నింపిన కార్డు అలా ఉండదు. తేదీలన్నీ పుట్టిన తేదీతో సరిపోయాయి. ఆ పూటే పిల్లవాడి పేరు జాబితాలో ఎక్కించాం.